‘నా కు’ అని ఎవరూ రాయరు



ఈ నెల తెలుగు పేజీలో నా తప్పు ఒకటి మీకు చెప్పాలి. దాని వెనక ఒక చిన్న సంగతి ఉంది. మీరు ఫోనులో తెలుగు టైపు చేసే ప్రతిసారీ అది మీకూ ఎదురవుతుంది.

గత నెల ఆరో తరగతి యూనిట్ టెస్టులో ‘మీ ఊరి గురించి పది వాక్యాలు రాయండి’ అని అడిగాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: ‘మా ఊరు లో వాగు ఉంది. సెలవులు కి ఇల్లు కి వెళ్తాము. నాన్న తో పొలం వెళ్తాను.’ భావం బాగుంది, చేతిరాత ఇంకా బాగుంది. కానీ ‘లో’, ‘కి’, ‘తో’ అన్నీ మాటకు దూరంగా నిలబడి ఉన్నాయి. నాలుగు చోట్లా ఎర్ర సున్నా చుట్టి, చోటుకు అర మార్కు చొప్పున రెండు మార్కులు కోశాను.

మర్నాడు ఆ పిల్ల స్కూలు డైరీ పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది. భద్రాచలం టూర్ గురించి మేం పంపిన సర్క్యులర్ డైరీలో అంటించి ఉంది. దానిమీద వేలు పెట్టి, ‘టీచర్, ఇది కూడా తప్పేనా?’ అని అడిగింది. ఆ సర్క్యులర్ ప్రింటుకు వెళ్ళేముందు చూసి సరేనన్నది నేనే. అది ఇలా ఉంది:

‘ఖమ్మం నుండి భద్రాచలం కి వెళ్ళే విద్యార్థులు ను 10 వ తేదీ న ఉదయం 7 గంటలు కి స్కూల్ బస్ లో పంపుతాము. పిల్లలు తో పాటు ఐడీ కార్డు ను తప్పక పంపగలరు. టూర్ వివరాలు కోసం ఆఫీస్ లో అడగగలరు.’

లెక్కపెట్టాను. మాట నుంచి ఊడిపోయిన ముక్కలు తొమ్మిది. ఆ పిల్లకు వేసిన లెక్కే మాకూ వేస్తే నాలుగున్నర మార్కులు పోతాయి. ఆమె రెండు మార్కులు ఆమెకు తిరిగి ఇచ్చేశాను. పిల్లలు పాఠ్యపుస్తకం కన్నా మన సర్క్యులర్లు, వాట్సాప్ సందేశాలే ఎక్కువ చదువుతారు కదా. వాటిలో కనబడిందే సరైనదని అనుకోవడం వాళ్ళ తప్పు కాదు.

‘ఖాళీ ఉంటే ఏమైంది, అర్థమైతే చాలు కదా’ అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. మా అమ్మ విషయంలో ఒకసారి దెబ్బతిన్నాక ఆ మాట అనడం మానేశాను.

మాది దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఊరు. అమ్మ అక్కడ తమ్ముడి దగ్గర ఉంటుంది. నాలుగేళ్ళ కిందట అమ్మను ఖమ్మం తీసుకొచ్చి పరీక్షలు చేయించి, రిపోర్టు రాకముందే ఊరికి పంపేశాను. మర్నాడు రిపోర్టు వచ్చింది. షుగరు బాగా పెరిగింది. ఫోన్ చేస్తే కలవలేదు. మా ఊళ్ళో సిగ్నల్ ఎప్పుడూ గాలివాటమే. హడావుడిగా ఒక సందేశం పెట్టాను: ‘అమ్మకి షుగర్ లో తేడా ఉంది. జాగ్రత్త. సాయంత్రం చేస్తా.’

సాయంత్రం లైను కలిసింది. తమ్ముడు నిబ్బరంగా, ‘అక్కా, నువ్వేం కంగారు పడకు. మెసేజ్ చూడగానే గ్లూకోజ్ నీళ్ళు రెండు గ్లాసులు తాగించా’ అన్నాడు. వాడు ‘షుగర్ లో’ దగ్గర ఆగి చదివాడు. మన ఇళ్ళలో బీపీ లో, షుగర్ లో అంటే తగ్గిపోయిందనే కదా అర్థం. నేను రాసింది ‘షుగరులో తేడా’. వాడికి కనబడింది ‘షుగరు లో అయింది, తేడాగా ఉంది’. అమ్మకు ఏమీ కాలేదు. డాక్టరు మాత్ర మార్చారు, రెండు వారాల్లో సర్దుకుంది. నిజానికి నేను పెట్టాల్సిన మాట ‘షుగరు ఎక్కువైంది’. అలాంటి కబురులో ‘తేడా’ అనే మాట వాడటమే నా మొదటి తప్పు. అయినా ఆ ‘లో’ను మాటకు అతికించి ఉంటే, వాడు గ్లూకోజ్ పొట్లం చింపేముందు ఒకసారి ఆలోచించేవాడు.

మరి ఏది కలపాలి, ఏది విడిగా రాయాలి? మనమంతా చిన్నప్పుడు విభక్తులు వల్లెవేసినవాళ్ళమే. కానీ ఆ పట్టిక ఈ ప్రశ్నకు జవాబివ్వదు. ద్వితీయా విభక్తిలో ‘ను’ ఉంది, ‘గురించి’ కూడా ఉంది. మొదటిది కలిసిపోతుంది, రెండోది విడిగా ఉంటుంది. షష్ఠిలో ‘కు’ కలుస్తుంది, ‘యొక్క’ కలవదు. ‘లో’ కలుస్తుంది, ‘లోపల’ కలవదు. ఒకే వరసలో రెండు రకాలు కూర్చుని ఉన్నాయి. అందుకని నేను క్లాసులో పట్టిక పక్కన పెట్టి వేరే పరీక్ష నేర్పిస్తాను. మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు.

సందేహం వచ్చిన చోట పేరు తీసేసి, ఆ స్థానంలో ‘నేను’ పెట్టండి. ‘రవి తో’ అని రాయాలా, ‘రవితో’ అని రాయాలా? నేను పెడితే ‘నాతో’ అవుతుంది. ‘నా తో’ అని రాసినవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. కాబట్టి రవితో. ‘పాప కు’ అనాలా, ‘పాపకు’ అనాలా? ‘నాకు’ అంటాం, కాబట్టి పాపకు. ‘రవి గురించి’ అన్నచోట ‘నా గురించి’ వస్తుంది. అక్కడ చెయ్యి దానంతటదే ఖాళీ వదులుతుంది. కాబట్టి రవి గురించి. అలాగే నా కోసం, నా ముందు, నా వెనక, నా నుంచి. ఇక ‘నన్ను’ అనే మాట చూడండి. అందులో ‘నేను’ ఎక్కడ ముగిసిందో, ‘ను’ ఎక్కడ మొదలైందో చూపించడమే కష్టం. అంతగా కరిగిపోయింది. ఎంత హడావుడిలో ఉన్నా మన వేళ్ళు ‘నా కు’ అని కొట్టవు. నియమం మీకు ముందే వచ్చు, పేర్ల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నాం, అంతే.

ఎందుకిలా అని ఎనిమిదో తరగతి పిల్లలు అడుగుతారు. దానికీ చెవితో పట్టుకోగలిగిన కారణం ఒకటి ఉంది. ‘రవికి’ అంటాం, ‘రాముకు’ అంటాం. ‘గదిని’ అంటాం, ‘తోటను’ అంటాం. మాట చివర ‘ఇ’ ఉంటే ప్రత్యయం కూడా ‘ఇ’తో వస్తుంది. అంటే ఈ చిన్న ముక్క ముందున్న అచ్చును విని తన రూపు మార్చుకుంటోంది. (మాట్లాడేటప్పుడు మనవైపు చాలామంది ‘అమ్మకి’, ‘రాముకి’ అని అన్నిటికీ ‘కి’ వాడేస్తాం, అది వేరే సంగతి. ‘రవికు’ అని మాత్రం ఎవరూ అనరు.) ‘గురించి’ని చూడండి. రవి అయినా, రాము అయినా, తోట అయినా అది మారదు. పక్కవాడి గొంతు విని మారేది ఆ ఇంటి మనిషి. ఎవరు పక్కన నిలబడ్డా మారనిది వేరే ఇంటిది.

ఇక్కడే ఇంకో సంగతి పొరపాటు పడతారు. ప్రత్యయం తగిలే ముందు అసలు మాట కూడా మారుతుంది. ఇల్లు, ఇంటికి. ఊరు, ఊరికి. పిల్లలు, పిల్లలకు. ఖాళీ పెట్టి రాసేవాళ్ళు ఈ మార్పును కూడా పోగొట్టుకుంటారు. ‘ఇల్లు’ అని కొట్టి, ఖాళీ వదిలి, ‘కి’ అని కొట్టేస్తారు. ఆ అమ్మాయి పేపర్లో ‘ఇల్లు కి’ ఉన్నది అందుకే. నోటితో మాత్రం ఆ పిల్ల ఎప్పుడూ ‘ఇంటికి పోతున్నా టీచర్’ అనే అంటుంది. అలాగని మాట మారింది కాబట్టి కలిపేయాలని కాదు. విడిగా రాసే మాటల ముందు కూడా ఈ మార్పు వస్తుంది: ఇంటి ముందు, పిల్లల కోసం, ఊరి గురించి. ‘పిల్లలు కోసం’ అని రాస్తే అక్కడ ఖాళీ సరైనదే, తప్పు ‘పిల్లలు’ దగ్గర ఉంది.

మన ప్రాంతంలో ఈ మార్పు బాగా కనబడేది ఊళ్ళ పేర్లలోనే. ఖమ్మం నుంచి అడవి వైపు బస్సెక్కితే దారి పొడుగునా సున్నాతో ముగిసే పేర్లు ఎన్నో. ఖమ్మం, కొత్తగూడెం, దుమ్ముగూడెం, భద్రాచలం. వీటికి ‘లో’ తగిలితే సున్నా అలాగే ఉంటుంది, ఖమ్మంలో, భద్రాచలంలో. ‘కి’ తగిలితే మాత్రం సున్నా పోయి ఖమ్మానికి, భద్రాచలానికి, కొత్తగూడేనికి అవుతుంది. పాల్వంచకు, చర్లకు, ఇల్లందుకు ఆ బాధ లేదు. ఈమధ్య ‘ఖమ్మంకి’ అనే మాట కూడా వినబడుతోంది. దాన్ని నేను పేపర్లో దిద్దుతాను. కానీ అది కూడా ఒక్క ఊపిరిలో పలికే మాటే, మధ్యలో ఆగరు.

దీనివల్ల కంప్యూటరు దగ్గర ఒక ఇబ్బంది ఉందని ఒప్పుకోవాలి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయి, భద్రాచలం ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్ళింది. ఆ రోజుల్లో అటువైపు పిల్లలకు పంపే పాత నోటీసులు నేను సరిచేశాను. ‘ఖమ్మం’ అని వెతికి, వచ్చిన చోటల్లా చూసి మార్చాను. పని అయిపోయిందనుకున్నాను. ‘జిల్లా కేంద్రమైన ఖమ్మానికి రావలెను’ అనే వాక్యం మాత్రం అలాగే మిగిలిపోయింది. అందులో ‘ఖమ్మం’ అనే అక్షరాల వరుస లేదు మరి. ‘ఖమ్మ’ వరకే వెతికి ఉంటే రెండూ దొరికేవి. ‘ఖమ్మం కి’ అని విడగొట్టి రాస్తే యంత్రానికి సులువే. కానీ చదివేది మనుషులు కదా. అందుకే నేను వెతికే పద్ధతి మార్చుకున్నాను, రాసే పద్ధతి మార్చలేదు.

‘నేను’ పరీక్ష తేల్చలేని చోట్లు కూడా ఉన్నాయి. ‘నావల్ల’ అని రాసేవాళ్ళున్నారు, ‘నా వల్ల’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. నాచేత, నామీద, నాకంటే, నాదగ్గర, వీటన్నిటిదీ అదే కథ. ‘తోపాటు’ను కొందరు ‘తో పాటు’ అంటారు. ‘తేదీలోపు’, ‘తేదీ లోపు’ రెండూ అచ్చులో కనబడతాయి. ఇక్కడ ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు అని నేను చెప్పను. తాళపత్రాల్లో మన పూర్వులు మాటల మధ్య ఖాళీ అనేదే లేకుండా రాసుకుంటూ పోయారు. మాటకూ మాటకూ మధ్య ఎడం పాటించడం అచ్చుతో స్థిరపడింది. రెండు మూడు అక్షరాలున్న ఈ ముక్కల విషయంలో ఆ లెక్క ఇంకా తేలలేదు. కాబట్టి ఒక పేజీలో ఒకటే పద్ధతి పెట్టుకోండి. నేను ‘వల్ల’, ‘మీద’, ‘కంటే’, ‘దగ్గర’లను విడిగా రాస్తాను, ‘తోపాటు’ను కలుపుతాను. ‘దానిమీద’ లాంటి చోట నా చెయ్యి ఇంకా కలిపేస్తుంది, ఈ ఉత్తరం మొదట్లోనే మీరు చూసి ఉంటారు. పిల్లలు ఈ మాటలు ఎలా రాసినా మార్కు కోయను. నేను దిద్దేది కి, కు, ని, ను, లో, తో, న, వీటి దగ్గరే.

‘యొక్క’ గురించి ఒక్క మాట. దాన్ని విడిగానే రాయాలి. కానీ ‘మీ పిల్లల యొక్క హాజరు’లో దాని పని ఏమిటో నాకు తెలియదు. ‘మీ పిల్లల హాజరు’ అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఆ సర్క్యులర్‌ను సరిచేద్దాం. ‘భద్రాచలం కి’ భద్రాచలానికి అవుతుంది. ‘విద్యార్థులు ను’ విద్యార్థులను అవుతుంది. ‘10 వ తేదీ న’ 10వ తేదీన అవుతుంది. అంకెకు కూడా ఇదే పద్ధతి: 10న, 2016లో, 6వ తరగతి. అంకె పక్కన ఖాళీ ఉంటే ఫోను తెర అంచున వరుస విరిగి, ‘10’ పైన మిగిలి ‘వ’ కింది వరుసలో ఒంటరిగా మొదలవుతుంది. ‘వ తేదీ’ అంటే ఏమిటని ఒక తాతగారు నిజంగానే ఆఫీసుకు ఫోన్ చేశారు. ఇక ‘7 గంటలు కి’ 7 గంటలకు, ‘పిల్లలు తో పాటు’ పిల్లలతోపాటు, ‘కార్డు ను’ కార్డును. ‘వివరాలు కోసం’లో ఖాళీ ఉండాల్సిందే, మాట మారాలి: వివరాల కోసం. ‘ఖమ్మం నుండి’ మొదటినుంచీ సరిగ్గానే ఉంది.

మిగిలినవి ‘బస్ లో’, ‘ఆఫీస్ లో’. ఇక్కడ మా ఆఫీసులో టైపు చేసే చెల్లెలిని తప్పు పట్టలేను. ఆమె కలిపే రాయబోయింది. ‘బస్’ తరవాత ఖాళీ లేకుండా ‘లో’ కొడితే తెరమీద ‘బస్లో’ అని వచ్చింది, ‘లో’ కాస్తా సకారం కింద వత్తుగా దిగిపోయింది. చూడటానికి బాగాలేదని ఆమె ఖాళీ పెట్టింది. తెలుగు టైపింగులో పొల్లు తరవాత హల్లు వస్తే రెండూ కలిసి వత్తు కావడం మామూలే. అమ్మ, అక్క అనే మాటలు అలాగే తయారవుతాయి. ఇంగ్లీషు మాటలు పొల్లుతో ముగుస్తాయి కాబట్టి చిక్కంతా వాటి దగ్గరే వస్తుంది. నా అనుమానం, మన చేతులకు ఖాళీ అలవాటు చేసింది ఈ మాటలే. ‘బస్ లో’, ‘ఫోన్ లో’ అని పదిసార్లు కొట్టాక ‘బడి లో’ కూడా వచ్చేస్తుంది.

దీనికి రెండు దారులు. మొదటిది మన అమ్మమ్మలు ఎప్పుడో వేసినదే. బస్సు, క్లాసు, ఫోను, స్కూలు, ఆఫీసు అని చివర ఒక ‘ఉ’ చేర్చుకుంటే చాలు. బస్సులో, ఫోనులో, ఆఫీసుకు అని చక్కగా అతుక్కుంటాయి. నేను దీనికే ఓటేస్తాను.

పేర్లకు మాత్రం ఆ దారి పనికిరాదు. కిరణ్‌ను కిరణు చేస్తే ఆ అబ్బాయి ఒప్పుకోడు. ‘కిరణ్కు’ అని వత్తు పెట్టినా ఒప్పుకోడు. అక్కడ రెండో దారి కావాలి. పొల్లుకూ తరవాతి హల్లుకూ మధ్య కంటికి కనబడని సంకేతం ఒకటి పెట్టవచ్చు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు ఏమీ ఉండదు, పక్కపక్క అక్షరాలను వత్తుగా కలవనివ్వదు, అంతే దాని పని. కంప్యూటరులో వర్డ్ వాడేవారు ‘కిరణ్’ అని కొట్టి, వెంటనే ఖాళీ లేకుండా

```
200C
```

అని ఇంగ్లీషులో కొట్టి, Alt, X మీటలు కలిపి నొక్కాలి. ఆ నాలుగు గుర్తులు మాయమవుతాయి. ఇప్పుడు ‘కు’ కొడితే ‘కిరణ్‌కు’ అని వస్తుంది. కొన్ని ఫోను కీబోర్డుల్లో దీనికి విడిగా మీట ఉంటుంది. లేనివారు ఒకసారి సరిగ్గా వచ్చిన మాటను నోట్సులో దాచుకుని కాపీ చేసుకోవచ్చు. అది ఉందో లేదో తెలుసుకోవాలంటే కర్సరును బాణం మీటతో జరపండి. ఒకచోట మీట నొక్కినా కర్సరు కదలనట్టు కనబడితే అది అక్కడే ఉంది.

దీనికీ పరిమితులున్నాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు సందేశం పంపేటప్పుడు ఈ కనబడని సంకేతాన్ని తీసేస్తాయి. అప్పుడు మీ ఫోనులో మళ్ళీ వత్తే ప్రత్యక్షమవుతుంది. ఎస్సెమ్మెస్‌లో చోటు తక్కువ కూడా. తెలుగులో ఒక సందేశానికి 70 సంకేతాలే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, ఖాళీ, ఈ కనబడనిది, అన్నీ ఒక్కొక్కటిగా లెక్కకొస్తాయి.

మన పిల్లల చేతికి ఖాళీ అలవాటు కావడానికి ఇంకో కారణం హిందీ. హిందీలో ‘రామ్ నే’, ‘రామ్ కో’ అని పేరుకూ ప్రత్యయానికీ మధ్య ఖాళీ వదులుతారు. అక్కడ అదే ఒప్పు. సర్వనామాలకు మాత్రం ‘ఉస్‌నే’, ‘ముఝ్‌కో’ అని కలుపుతారు. అంటే నేను చెప్పిన ‘నేను’ పరీక్ష హిందీకి పనికిరాదు. భద్రాచలం దాటి చింతూరు మీదుగా కుంటకు వెళ్తే ఛత్తీస్‌గఢ్ వస్తుంది, అక్కడి బోర్డులన్నీ ఆ పద్ధతిలోనే ఉంటాయి. మా క్లాసుల్లో కోయ కుటుంబాల పిల్లలకు ఈ చిక్కు తక్కువని గమనించాను. వాళ్ళ భాష కూడా తెలుగులాగే ప్రత్యయాన్ని మాటకు అతికించే ద్రావిడ భాష. హిందీ పరీక్ష ముందురోజు రాసిన తెలుగు హోంవర్కులో ఖాళీలు ఎక్కువగా ఉంటాయని నేను నవ్వుతూ అంటుంటాను. మీ పిల్లల నోటుపుస్తకాలు చూడండి, నిజమో కాదో.

చివరిగా మీకు వచ్చే పేరున్న సందేశాల సంగతి. ఆఫీసులో ఒక వాక్యం టైపు చేసి, పేరు ఉండాల్సిన చోట గుర్తు పెడతారు. కంప్యూటరు అందులో వందలమంది పేర్లు ఒక్కొక్కటీ వేసి పంపుతుంది. గుర్తు తరవాత ‘కు’ అని ఉంటే ‘రవి కు’, ‘లక్ష్మి కు’, ‘కిరణ్ కు’, ‘వెంకటేశ్వర్లు కు’ అని వెళ్తాయి. ఖాళీ తీసేసినా ‘రవికు’ అవుతుంది. పేరు చివర ఏ అచ్చు ఉందో యంత్రం వినదు కదా. దీనికి మందు మన మర్యాదలోనే దొరికింది.

```
«పేరు» గారికి
```

‘గారు’ విడి మాట. పేరు ఏదైనా దాని పక్కన ఖాళీతో నిలబడుతుంది, ప్రత్యయాన్ని తానే మోస్తుంది. రవి గారికి, కిరణ్ గారితో, లక్ష్మి గారిని. పెద్దలకు ఇది సరిపోయింది. పిల్లలకు ‘గారు’ పెట్టలేం కాబట్టి వాక్యం తిరగేశాం. ‘కిరణ్ కు 92 శాతం హాజరు ఉంది’ అనే బదులు ‘మీ అబ్బాయి కిరణ్ హాజరు 92 శాతం’ అని రాస్తున్నాం. పేరుకు ప్రత్యయమే తగలదు.

సరిచేసిన టూర్ సర్క్యులర్‌ను ఆ ఆరో తరగతి అమ్మాయి చేతికే ఇచ్చి చదవమన్నాను. తొమ్మిది చోట్లా వేలు పెట్టి చూసుకుంది. తరవాత పైకి చూసి, ‘టీచర్, శీర్షికలో ఇంకోటుంది’ అంది. ‘తల్లిదండ్రులు కు విజ్ఞప్తి’ అని పెద్ద అక్షరాల్లో అలాగే ఉంది. నేను కింది వాక్యాలు మాత్రమే దిద్దాను.

ఈ నెల హాజరు పట్టికతో మీకు వచ్చే సందేశంలో కొన్ని చోట్ల ఆ కనబడని సంకేతం వాడాం. మీ ఫోనులో ‘క్యాంపస్‌లో’ అనే మాట ‘క్యాంపస్లో’ అని వత్తుతో కనబడితే తెరను ఫొటో తీసి డైరీతోపాటు పంపండి. ఏ ఫోన్లలో అలా జరుగుతోందో చూసి, వచ్చే నెల నుంచి వాటికి వేరే మాట వాడతాం.